పేము, వెదురు సామాను: నాణ్యత చూసి కొనడం, పుచ్చు నుంచీ చెమ్మ నుంచీ కాపాడుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

పేము కుర్చీలూ వెదురు అరలూ బాగుచేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వాటిలో సగానికి పైగా "కింద పొడి రాలుతోంది, ఏం చేయాలి" అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. అందుకే ఆ భాగం పెద్దదైంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## కొనే ముందు

కేన్, రాటన్, పేము, బెత్తం, వెదురు... ఇవన్నీ ఒకటేనా?

కాదు. పేము, బెత్తం, రాటన్ అనేవి ఒకే మొక్కకున్న పేర్లు. అది తాటి కుటుంబానికి చెందిన ముళ్ల తీగ, అడవిలో చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. వాడుకలో కేన్ అన్నా చాలాసార్లు దీన్నే అంటారు. వెదురు మాత్రం గడ్డి జాతి. తేడా తెలుసుకోవాలంటే కోసిన చివర చూస్తే చాలు. పేము లోపల నిండుగా, సన్నటి రంధ్రాలతో స్పాంజి ముక్కలా కనిపిస్తుంది. వెదురు బోలుగా ఉంటుంది, కణుపు దగ్గర మాత్రం అడ్డుగోడ ఉంటుంది. అందుకే పేమును ఆవిరి పట్టి గుండ్రంగా వంచగలం. వెదురును అంతగా వంచబోతే నొక్కుకుపోతుంది, లేదా చీలుతుంది.

కొనేవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, రెండూ చెడిపోయే తీరు వేరు. వెదురును ముందు పురుగు పట్టి తింటుంది. పేము కుర్చీలో ముందు కట్లు వదులవుతాయి, ఆ తర్వాత అల్లిక తెగుతుంది. కాబట్టి వెదురు కొనేటప్పుడు కర్రనూ, పేము కొనేటప్పుడు అతుకులనూ ఎక్కువసేపు చూడాలి.

పేము కుర్చీ మంచిదో కాదో దుకాణంలో నిలబడి ఎలా తెలుసుకోవాలి?

ముందు కుర్చీని బోర్లా తిప్పండి. పైన కనిపించే భాగానికి ఎవరైనా మెరుగు పెడతారు. పనివాడి చేతివాటం తెలిసేది అడుగునే. చట్టానికి వాడిన పేము అన్ని చోట్లా ఇంచుమించు ఒకే లావు ఉందా, లేక ఒక కాలు లావుగా, ఒకటి సన్నగా ఉందా చూడండి. బరువు మోసే కాళ్లకు బొటనవేలికన్నా సన్నని పేము వాడితే, పక్కన ఆసరా కర్రలు ఎన్ని పెట్టినా కొన్నాళ్లకు ఊగడం మొదలవుతుంది.

తర్వాత వంపుల దగ్గరికి రండి. వంపు లోపలి వైపు ముడతలు పడి ఉన్నా, బయటి వైపు పీచు లేచి ఉన్నా, సరిగా ఆవిరి పట్టకుండా బలవంతంగా వంచారని అర్థం. ఆ చోటే తర్వాత విరుగుతుంది. కొన్నిసార్లు వంపు లోపల నల్లటి మచ్చ కనిపిస్తుంది. అది మంటతో కాల్చి వంచిన గుర్తు. మచ్చ పైపైన ఉంటే ఫరవాలేదు. గోరుతో గీస్తే బొగ్గులా రాలితే మాత్రం వద్దు.

ఇక అతుకు. పేము తొక్కతో చుట్టిన కట్టు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ, బరువంతా కట్టే మోయకూడదు. దాని కింద మర మేకు గానీ చెక్క చీల గానీ ఉండాలి. కట్టు కింద ఏముందో కనిపించదు కదా అంటారు. ఒక పని చేయండి. కుర్చీ ఒక మూల పట్టుకుని వేలెడంత పైకి లేపండి. రెండో ముందు కాలు కూడా వెంటనే నేల విడిస్తే చట్టం బిగువుగా ఉన్నట్టు. ఒక కాలు లేచి, మిగతావి కాసేపు నేలమీదే ఉండి, చట్టం మెలితిరిగినట్టు అనిపిస్తే లోపల ఒట్టి మేకులే ఉండి ఉంటాయి. తర్వాత కూర్చుని పక్కలకు ఊగండి. కిర్రుమన్న శబ్దం ఏ అతుకు దగ్గర వస్తే అదే ముందు వదులవుతుంది.

వెదురు ముదిరినదో లేతదో చూసి చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. వెదురు ఎత్తూ లావూ మొదటి కొన్ని నెలల్లోనే పెరిగిపోతాయి. ఆ తర్వాత మూడు, నాలుగేళ్లపాటు గోడ గట్టిపడుతూ ఉంటుంది. అందుకని పొడవు, లావు చూసి ముదురు అనుకోకూడదు. లేత వెదురు ఎండినప్పుడు కుంచించుకుపోయి కణుపుల మధ్య పొడవునా సన్నటి ముడతలు పడుతుంది. ఎత్తి చూస్తే దాని పరిమాణానికి తగ్గ బరువుండదు. వేలితో కొడితే మొద్దు శబ్దం వస్తుంది, ముదిరి ఎండినది ఖంగుమంటుంది. కోసిన చివరలో గోడ మందం చూడండి. బయటి అంచు దగ్గర చుక్కలు దట్టంగా, నల్లగా ఉంటే పీచు బాగా పట్టిన కర్ర అన్నమాట.

ముదురు కర్ర అయినా పచ్చిగా ఉన్నప్పుడే సామాను చేసేస్తే ప్రయోజనం లేదు. ఎండుతున్న కొద్దీ అది సన్నబడుతుంది, అతుకులన్నీ వదులైపోతాయి. కొత్త సామానులోనే అతుకు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

"మందు పట్టించాం, పురుగు రాదు" అంటున్నారు. నమ్మొచ్చా?

"ఏ మందు, ఎలా పట్టించారు" అని అడగండి. "వార్నిష్ వేశాం" అని జవాబు వస్తే మందు పట్టించనట్టే. వార్నిష్ పైపొర మాత్రమే, కర్రలోకి పోదు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టామనో, నెలల తరబడి పారే నీళ్లలో ఉంచి ఆరబెట్టామనో చెబితే అది అర్థమున్న మాట. మొదటి పద్ధతిలో పురుగు తింటే చచ్చే లవణం కర్రలోకి దిగుతుంది. రెండో దానిలో పురుగుకు ఆహారమైన చక్కెరలూ పిండి పదార్థమూ చాలావరకు నీళ్లలో పోతాయి.

బోరాన్ మందు పట్టిందో లేదో కర్మాగారాల్లో పసుపుతో పరీక్షిస్తారు. సారాయిలో కలిపిన పసుపు పూసి, దానిమీద ఆమ్లం చల్లితే మందున్న చోట ఎర్రబడుతుంది, లేనిచోట పసుపుగానే ఉంటుంది. ఆ ఆమ్లం ఘాటైనది, ఇంట్లో వద్దు. ఇంట్లో చేయదగ్గది ఇంకొకటి ఉంది. గాయాలకు రాసే అయొడిన్ ఒక చుక్క, కోసిన చివర మీద, రంగు లేని చోట వేయండి. ముదురు నీలంగానో నల్లగానో మారితే కర్రలో పిండి పదార్థం బాగా ఉందని. గోధుమ రంగులోనే ఉండిపోతే పురుగుకు అక్కడ పెద్దగా మేత లేదని. ఈ చుక్క మందు గురించి ఏమీ చెప్పదు, మేత గురించే చెబుతుంది. అయినా వెదురు విషయంలో అదే ముఖ్యం.

ఇది అసలైన పేమా, ప్లాస్టిక్కా?

అల్లిక చివర ఎక్కడో అడుగున కత్తిరించి ఉంటుంది, దాన్ని చూడండి. పేమైతే సన్నటి రంధ్రాలు, పీచు కనిపిస్తాయి. ప్లాస్టిక్ నున్నగా తెగి ఉంటుంది. పేము తీగలో ఎక్కడో ఒకచోట కణుపు మచ్చ తగులుతుంది, రంగులో హెచ్చుతగ్గులుంటాయి. ప్లాస్టిక్ మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు. అలాగని ప్లాస్టిక్ అల్లిక మోసమేమీ కాదు, వానలో ఉంచడానికి అదే నయం. పేము అని చెప్పి అమ్మితేనే తప్పు.

వెదురుకు సన్నటి పగుళ్లున్నాయి. కొనొచ్చా?

పగులు రెండు కణుపుల మధ్యే మొదలై అక్కడే ఆగిపోతే కొనొచ్చు. ఎండేటప్పుడు అది సహజం. కణుపును దాటి రెండో గదిలోకి వెళ్లినా, మర మేకు బిగించిన రంధ్రం నుంచి బయలుదేరినా వద్దు. ముందుగా రంధ్రం చేయకుండా మేకు కొట్టారని అర్థం, బరువు పడినకొద్దీ అది సాగుతూనే ఉంటుంది. పగుళ్లు మరో రకంగానూ చేటు. వెదురు బయటి తొక్క గట్టిది, పురుగు దాన్ని సులువుగా తొలవలేదు. పగులు దొరికితే నేరుగా లోపలి మెత్తటి గోడలోకి దారి దొరికినట్టే.

## ఇంటికి తెచ్చాక

తెచ్చిన వెంటనే ఏం చేయాలి?

ఒక వారం నీడలో, గాలి తగిలే చోట ఉంచి కోసిన చివరలన్నీ వెతకండి. కాళ్ల అడుగు, చేతుల చివరలు, అరల కింద అడ్డకర్రల మొనలు. దుకాణంలో వేసిన రంగు సాధారణంగా ఇక్కడికి రాదు, కనిపించని చోటు కదా. పురుగు లోపలికి వెళ్లేదీ, నీళ్లు పీల్చుకునేదీ ఇక్కడి నుంచే. వెదురులోనూ పేములోనూ నీటి నాళాలు పొడవునా ఉంటాయి కాబట్టి చివర తడిస్తే ఆ తడి వత్తిలో నూనెలా పైకి ఎక్కుతుంది. మెత్తటి గరుకు కాగితంతో ఆ చివరలను శుభ్రం చేసి, వార్నిష్‌ను మూడు పూతలు, ఒక్కో పూత పూర్తిగా ఆరాక, పట్టించండి. మొదటి పూత మొత్తం కర్ర తాగేస్తుంది, పైన ఏమీ కనిపించదు. అందుకే ఒక్క పూతతో ఆపకూడదు.

మందు పట్టించని వెదురైతే వార్నిష్‌కు ముందే మందు వేయాలి. పూత పడ్డాక మందు లోపలికి పోదు.

ఏసీ గదిలో పెడితే చిటపటమంటోంది. పాడవుతోందా?

ఆరిపోతోంది. పొడి గాలిలో వెదురు వేగంగా తడి కోల్పోయి సన్నగా చీలుతుంది, ఆ చప్పుడే అది. చల్లగాలి నేరుగా తగిలే చోటి నుంచీ, గాజు కిటికీలోంచి ఎండ పడే చోటి నుంచీ జరపండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

## పొడి రాలుతుంటే

కుర్చీ కింద రోజూ తెల్లటి పొడి కనిపిస్తోంది. అది పురుగేనా?

పొడిని రెండు వేళ్ల మధ్య రుద్దండి. గోధుమపిండిలా మెత్తగా, లేత పసుపు రంగులో ఉండి, దాని పైన కర్రలో గుండుసూది తలంత గుండ్రటి రంధ్రం ఉంటే అది పుచ్చు పురుగే. వెదురును ఎక్కువగా పట్టేది డైనోడెరస్ అనే చిన్న పెంకుపురుగు. మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది, ముదురు గోధుమ రంగు, తల కిందికి వంగి పైనుంచి చూస్తే కనబడదు. లిక్టస్ అని ఇంకో జాతి ఉంది. అది సన్నగా, బల్లపరుపుగా ఉండి వెదురునూ, కొన్ని కర్రల తెల్లచేవనూ తింటుంది. రెండింటికీ చేయాల్సిన పని ఒకటే కాబట్టి ఏదో తేల్చుకోలేకపోయినా నష్టం లేదు.

పొడి ఇసుకలా గరుకుగా, గింజలు గింజలుగా ఉన్నా, కర్రమీద మట్టి గొట్టాలు పాకినా అది చెదల పని. దాని వైద్యం వేరు. రంధ్రమేదీ లేకుండా అల్లిక కింద కాస్త పీచులాంటి దుమ్ము రాలితే అది ఎండిన పేము ఒరుసుకోవడం మాత్రమే.

రంధ్రాలున్నాయి. కానీ పురుగు ఇంకా ఉందో, ఎప్పుడో వెళ్లిపోయిందో ఎలా తెలుస్తుంది?

రంధ్రం రంగు చూడండి. అంచు కొత్తగా కోసినట్టు లేతగా ఉంటే ఈమధ్యది, మాసి నల్లబడితే పాతది. కానీ కంటిని పూర్తిగా నమ్మకండి. పాత రంధ్రంలో ఎప్పటిదో పొడి మిగిలి ఉండి, కుర్చీ జరిపినప్పుడల్లా కాస్త రాలుతుంది, దాన్ని చూసి చాలామంది కంగారుపడతారు. సామానును దులిపి, తట్టి, పొడంతా పోయాక కింద నల్ల కాగితం పరచండి. రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వారం రోజులు కదపకుండా వదిలేయండి. కాగితం మీద చిన్న చిన్న కుప్పలు పడితే పురుగు లోపల తింటోంది. సున్నా లేని కొత్త రంధ్రం కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. చలి రోజుల్లో పురుగు మందగిస్తుంది, కాబట్టి అప్పుడు వారం చాలదు, నెల చూడాలి.

పక్కపక్కనే ఉన్నా వెదురు అరకే పట్టింది, పేము కుర్చీకి పట్టలేదు. ఎందుకు?

పురుగు వెతికేది కర్రను కాదు, కర్రలోని పిండి పదార్థాన్ని. వెదురు తన గోడలోపలి మెత్తటి కణాల్లో దాన్ని దాచుకుంటుంది, కొత్త మొలకలకు ఆహారంగా. మొలకలు వచ్చే కాలానికి ముందు ఆ నిల్వ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు నరికితే మేతతో నిండిన కర్రే ఇంటికి వస్తుంది. ఒకే దుకాణంలో ఒకేలా ఉన్న రెండు అరల్లో ఒకటి పుచ్చి, ఇంకొకటి ఏళ్ల తరబడి నిలవడానికి చాలాసార్లు కారణం ఆ నరికిన కాలమే.

పేముకు పట్టదని కాదు. పడుతుంది, ముఖ్యంగా తొక్క తీసిన లోపలి భాగానికి. చట్టానికి వాడే లావుపాటి పేమును చాలాచోట్ల కోసిన వెంటనే వేడి నూనెలో మరగబెడతారు. దాంతో నీరూ మైనమూ పోయి, కర్ర పురుగుకూ బూజుకూ అంతగా లొంగదు. ఆ పని చేయని పేము కూడా వెదురులాగే పుచ్చుతుంది.

సరే, పురుగు ఉందని తేలింది. మందు ఎలా వేయాలి? వివరంగా చెప్పండి.

నేను చేసింది చేసినట్టు చెబుతాను. మూడు అరల వెదురు స్టాండు ఒకటి కొన్నాను. ఏడో వారంలో కింద పొడి కనిపించింది. దులిపి, కాగితం పరిచి చూస్తే మొత్తం 11 రంధ్రాలు, వాటిలో 7 కింద ఆరు రోజుల్లో కుప్పలు. అన్నీ రెండు వెనక కాళ్లలోనూ, కింది అర బద్దల్లోనూ ఉన్నాయి. ముందు కాళ్లు శుభ్రం. కొన్న చోట అడిగితే పురుగు మీ ఇంట్లోదే అన్నారు. ఏడు వారాల్లో లోపల అంత తవ్విందంటే గుడ్లు కర్రతోనే వచ్చుంటాయని నా నమ్మకం, కానీ వాదించి లాభం లేదు.

ముందు స్క్రూడ్రైవర్ మొనతో రంధ్రాల చుట్టూ నొక్కి చూశాను. ఎడమ వెనక కాలు ఒకచోట లోపలికి దిగబడింది. లోపలి గోడంతా పిండి అయిపోయి బయటి తొక్క మాత్రం నిలబడి ఉంది. అలాంటి కాలుకు మందు వేసినా బలం తిరిగిరాదు. దాన్ని తీసేసి కొత్త కర్ర పెట్టాను. పాతదాన్ని అదే రోజు కాల్చేశాను.

మందు కొలత ఇది: 5 లీటర్ల వేడి నీళ్లు, 200 గ్రాముల బోరిక్ యాసిడ్, 300 గ్రాముల బోరాక్స్, అంటే వెలిగారం. విడివిడిగా అంతగా కరగవు కానీ రెండూ కలిస్తే బాగా కరుగుతాయి. చేతికి తొడుగులు వేసుకుని, నీళ్లు తేరుకునేదాకా కలిపాను.

అసలు కష్టం దాన్ని లోపలికి పంపడం. వెదురు తొక్కమీద పూస్తే తామరాకు మీద నీళ్లే. అందుకని కాలి వెనక వైపు, కనిపించని చోట, ప్రతి రెండు కణుపుల మధ్య 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చేశాను. సిరంజితో ఒక్కో గదిలో 30 మిల్లీలీటర్ల దాకా పోసి, రంధ్రాన్ని టేపుతో మూసి, స్టాండును గంటకోసారి ఒక పక్కకు తిప్పుతూ లోపలి గోడంతా తడిసేలా చూశాను. మూడు రోజులు మళ్లీ మళ్లీ పోశాను. విప్పదీయగలిగిన అర బద్దలను మాత్రం తొట్టిలో వారంపాటు ముంచి, పైన రాయి పెట్టాను. కోసిన చివరలు కూడా మునగాలి, లోపలికి బాగా పీల్చుకునేది అక్కడే. పురుగు రంధ్రాల్లోకి కూడా సన్నటి సూదితో మందు ఎక్కించాను.

తర్వాత రెండు వారాలు నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే తొక్క చీలుతుంది. పూర్తిగా ఆరాక రంధ్రాలను మైనంతో మూసి, గరుకు కాగితం పట్టించి, వార్నిష్ వేశాను.

వెంటనే పొడి ఆగలేదు. ఈ మందు తగిలితే కాదు, తింటే చంపుతుంది. అప్పటికే లోపల పెరిగి ఉన్న పురుగులు బయటికి వస్తూనే ఉంటాయి. మూడో నెలలో రెండు కొత్త రంధ్రాలు కనిపించాయి, వాటిలోకి మళ్లీ సూదితో ఎక్కించాను. ఆ తర్వాత రెండేళ్లుగా కాగితం శుభ్రంగానే ఉంది.

పిల్లలు చివరలు నోట్లో పెట్టుకునే వస్తువులకూ, తినే పదార్థాలు పెట్టే బుట్టలకూ, పళ్లేలకూ ఈ మందు వాడకండి. మింగితే విషం. వానలో తడిసే సామానుకూ పనికిరాదు, నీళ్లకు కరిగి బయటికి వచ్చేస్తుంది.

మందులు లేకుండా ఎండలో పెడితే పోదా?

ఒట్టి ఎండతో పోదు. కర్ర లోపలి దాకా 55 నుంచి 60 డిగ్రీల వేడి ఎక్కి గంటకు పైగా నిలిస్తే గుడ్లతో సహా చస్తాయి. బయట ఎంత ఎండ కాసినా కర్ర నీడ వైపు అంత వేడెక్కదు, పురుగు అటు జరుగుతుంది. మండే ఎండలో నల్ల ప్లాస్టిక్ షీటులో గాలి చొరకుండా చుట్టి పెడితే వేడి ఆ స్థాయికి చేరవచ్చు. లోపల థర్మామీటర్ పెట్టి చూడకుండా చేరిందని అనుకోకండి. పైగా అంత వేడికి వెదురు చీలే ప్రమాదముంది.

చిన్న బుట్టలకైతే దీనికి తిరగేసిన పద్ధతి మేలు. ప్లాస్టిక్ సంచిలో బిగించి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదిలితే చెమ్మ సంచిమీద పడుతుంది, బుట్టమీద కాదు. ఈ రెండు పద్ధతులూ ఉన్న పురుగును చంపుతాయంతే. మేత అలాగే ఉంటుంది కాబట్టి కొత్తది రావచ్చు.

కిరోసిన్ గానీ వేపనూనె గానీ పూస్తే?

రంధ్రంలోకి ఎక్కించిన కిరోసిన్ తగిలిన పురుగు చస్తుంది. కానీ అది ఆవిరైపోతుంది, ఏమీ మిగలదు. లోతుగా ఉన్న పురుగు బతికిపోతుంది, ఇంట్లో నిప్పు ప్రమాదం ఒకటి. వేపనూనె గుడ్లు పెట్టడానికి వచ్చే పురుగును కొన్నాళ్లు దూరంగా ఉంచుతుంది, లోపలున్నదాన్ని ఆపదు. వాసన, జిడ్డు చాలాకాలం ఉంటాయి. తర్వాత వార్నిష్ కూడా పట్టదు.

ఈ పురుగు మిగతా చెక్క సామానుకు పాకుతుందా?

వెదురు, పేము వస్తువులకు పాకుతుంది. పట్టిన వస్తువును వెంటనే విడిగా పెట్టండి. డైనోడెరస్ ఎండబెట్టిన దుంపలనూ ధాన్యాన్నీ కూడా తొలుస్తుంది, కాబట్టి వంటింటి నిల్వల పక్కన అసలు ఉంచవద్దు. లిక్టస్ అయితే వెడల్పాటి ఆకుల చెట్ల కర్రలో, రంగు పడని తెల్లచేవ భాగానికి వెళ్లగలదు. దేవదారు, పైన్ లాంటి కర్రల జోలికి రాదు. బాగా పూత ఉన్న బీరువా గురించి బెంగ అక్కర్లేదు, ఆడ పురుగుకు గుడ్లు పెట్టడానికి తెరిచిన రంధ్రాలు కావాలి, పూత వాటిని మూసేస్తుంది. బీరువా వెనక పలక, సొరుగుల అడుగు మాత్రం ఒకసారి చూడండి.

చెదలు పట్టాయి. ఇదే మందు సరిపోతుందా?

సామానుకు సరిపోవచ్చు, ఇంటికి చాలదు. పుచ్చు పురుగు కర్రలోనే పుట్టి పెరుగుతుంది. నేల చెదలు మాత్రం పుట్ట నుంచి రోజూ మేతకు వచ్చిపోతుంటాయి. కుర్చీలో కనిపించినవి ఆ రోజు వచ్చినవి మాత్రమే. సామాను జరిపి, మట్టి గొట్టం గోడలో ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి, ఆ నేలకూ గోడకూ మందు వేయించాలి.

## చెమ్మ, బూజు

వానాకాలం రాగానే పేము కుర్చీమీద బూజు వస్తోంది. ఏం చేయాలి?

గాలిలో తేమ 70 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు మొలుస్తుంది. తుడిస్తే పోయేది పైపైన పెరిగింది, కర్రకు బలం తగ్గించదు. కుర్చీని బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. ఇంట్లో దులిపితే విత్తనాలు అన్నిటిమీదా పడతాయి. తర్వాత సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, అల్లిక సందుల్లో తుడిచి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి.

తుడిచినా పోని నీలి, బూడిద రంగు మరకలు వేరు. కోసిన పేమును త్వరగా ఆరబెట్టకపోతే కర్రలోపలే ఆ శిలీంధ్రం పాకుతుంది. అది కొనేనాటికే ఉన్న మరక, ఇప్పుడు పెరగదు. అందం పోతుందంతే.

బూజు మళ్లీ మళ్లీ ఒకే కుర్చీకి వస్తుంటే దాన్ని గోడకు జానెడు దూరం జరపండి. బయటి గోడ చల్లగా ఉంటుంది, దాన్ని ఆనుకున్న కుర్చీ వీపు దగ్గర గాలి కదలదు. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనితోనే ఆగిపోవడం చూశాను.

వెదురు కాళ్లు అడుగున నల్లబడుతున్నాయి. ఎందుకు?

తడిగుడ్డతో తుడిచే నేలమీది నీళ్లను కాలు కోసిన చివర పీల్చుకుంటోంది. కింద రబ్బరు తొడుగు వేస్తే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. తొడుగులోకి దిగిన నీళ్లు బయటికి పోక, కాలు రోజంతా అందులోనే నానుతుంది. తొడుగులు తీసి, చివరలు బాగా ఆరాక, నల్లటి మెత్తని భాగం గీకేసి, వార్నిష్ మూడు పూతలు వేయండి. కాలి కింద గిన్నెలాంటి తొడుగుకు బదులు చదునైన ప్లాస్టిక్ బిళ్ల అతికించండి. గీకినప్పుడు గోరుకే పీచు ఊడొస్తుంటే కుళ్లు పట్టిందని, అంతమేర కోసేయాలి, మిగతా కాళ్లను కూడా సమానం చేసుకుంటూ.

నీళ్లతో కడగవచ్చా?

ధారగా పోయకూడదు. సందుల్లోని దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీసి, పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరనివ్వండి. కట్ల కింద మేకులుంటే లోపలికి చేరిన నీళ్లకు అవి తుప్పు పట్టి, పేముమీద గోధుమ రంగు మరకలు తేలతాయి.

వరండాలో ఉంచవచ్చా?

పైన కప్పుండి, జల్లు కొట్టకపోతే ఉంచవచ్చు. ఎండ నేరుగా పడితే వార్నిష్ రెండేళ్లలోపే పొలుసులుగా లేస్తుంది. అప్పుడు పాతదాన్ని గీకి మళ్లీ వేయాలి, దానిమీదే కొత్తది పూస్తే నిలవదు. తెరిచిన చోట ఉంచాలంటే పేము వద్దు.

## చిన్న మరమ్మతులు

సీటు అల్లిక జారిపోయి లోతుగా అయింది. మార్చాల్సిందేనా?

తీగలు తెగకపోతే అక్కర్లేదు. సీటు బోర్లా తిప్పండి. అడుగు వైపు సాధారణంగా వార్నిష్ ఉండదు, అటే నీళ్లు పీలుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను అడుగున పరిచి అరగంట ఉంచండి. చెక్క చట్టం తడవకుండా చూసుకోండి. తర్వాత రెండు రోజులు ఎవరూ కూర్చోకుండా గాలికి ఆరనిస్తే, తడికి సాగిన పేము ఆరుతూ బిగుసుకుంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయవచ్చు. ఎన్నిసార్లు చేసినా బిగియకపోతే, లేదా చట్టం అంచు దగ్గర తీగలు వరుసగా తెగుతుంటే, అప్పుడు కొత్త అల్లిక వేయించాలి.

కాలి దగ్గర కట్టు ఊడిపోయింది. నేనే చుట్టుకోవచ్చా?

చుట్టుకోవచ్చు. ముందు కట్టు కింద అతుకును బిగించండి. మేకు వదులైతే పీకేసి, సన్నటి రంధ్రం చేసి, తుప్పు పట్టని మర మేకు వేయండి. పేము తొక్క పట్టీని అరగంట నీళ్లలో నానబెట్టి, నున్నటి వైపు బయటికి వచ్చేలా, ఒక చివరను చుట్ల కింద అణచిపెట్టి బిగువుగా చుట్టండి. రెండో చివరను ఆఖరి మూడు చుట్ల కిందుగా లాగి, జిగురు పెట్టి, ఆరాక కోసేయండి. పొడిగా ఉన్న పట్టీని చుడితే కణుపు మచ్చ దగ్గర పుటుక్కున తెగుతుంది.